ఎన్ని బారల వేడి?

ఏటా ఏప్రిల్ నెలాఖరు వచ్చేసరికి మా గుంటూరులో రెండు రకాల వేడి వార్తలు మొదలవుతాయి. మొదటిది రెంటచింతల ఉష్ణోగ్రత. ఆ ఊరి పేరు పత్రికలో కనిపించకపోతే ఎండాకాలం ఇంకా రాలేదని మా బ్రాడీపేటలో పెద్దలు అనుకునేవారు. రెండవది ఈ మధ్య కాలంలో వచ్చి చేరింది: “బంగాళాఖాతం 31 డిగ్రీలకు చేరింది, పెను తుఫాను తప్పదు” అనే తరహా వాక్యం. ముప్పై ఏళ్ళపాటు డిగ్రీ విద్యార్థులకు ఉష్ణశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మనిషిని కనుక, ఈ రెండవ వార్త చదివినప్పుడల్లా విద్యార్థి జవాబు పత్రంలో యూనిట్లు రాయకుండా వదిలేసిన లెక్కను చూసినట్టు అనిపిస్తుంది. 31 డిగ్రీలు సరే, అది ఆ తేదీకి మామూలు కంటే ఎంత ఎక్కువ, ఎన్నాళ్ళుగా ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా ఎంత లోతు వరకు ఉంది అన్న సంగతి ఆ వాక్యంలో ఉండదు. ఈ మూడూ లేకుండా సముద్రపు వేడి గురించి చెప్పే మాట తుఫానుకు గానీ చేపకు గానీ పనికిరాదని నా వాదన. మొదటి రెండింటినీ శాస్త్రవేత్తలు నిర్వచనంలోనే పెట్టుకున్నారు. మూడవది మాత్రం నిర్వచనంలోనూ లేదు, వార్తల్లోనూ లేదు.

నేల మీది వడగాడ్పుకు మన వాతావరణ శాఖ పెట్టిన కొలత మనకు తెలిసినదే. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండాలి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. 45 దాటితే ఇక తేడా చూడనక్కరలేదు. సముద్రపు వడగాడ్పుకు అటువంటి కనీస హద్దు ఏదీ లేదు. ఒక చోట, సంవత్సరంలోని ఒక్కొక్క తేదీకి, ముప్పై ఏళ్ళ రికార్డును వరసగా పేర్చి, అందులో నూటికి తొంభై రోజులు ఏ గీతకు దిగువన ఉన్నాయో ఆ గీతను గుర్తిస్తారు. వరసగా ఐదు రోజులు లేదా అంతకు మించి ఆ గీతను దాటి ఉంటే అది సముద్ర ఉష్ణ తరంగం. మధ్యలో ఒకటి రెండు రోజులు చల్లబడి మళ్ళీ పెరిగితే రెండు ముక్కలనూ ఒకే సంఘటనగా కలుపుతారు. 2016లో హాబ్‌డే అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ పద్ధతిని ప్రతిపాదించారు. రెండేళ్ళ తరువాత వాళ్ళే దానికి నాలుగు తరగతులు కూడా చేర్చారు.

లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి నేను కల్పించిన అంకెలు తీసుకుందాం. నిజాంపట్నానికి ఎదురుగా, తీరానికి దూరంగా, సముద్ర పటంలో గీసుకున్న ఒక చదరపు గడిలో మే 5వ తేదీ సగటు 29.4 డిగ్రీలు, తొంభై శాతపు గీత 30.1 డిగ్రీలు అనుకుందాం. రెండింటికీ మధ్య తేడా 0.7. ఆ రోజు ఉష్ణోగ్రత 30.1 దాటితే మొదటి తరగతి, సగటు మీద 0.7కు రెట్టింపు పెరిగి 30.8 దాటితే రెండవది, మూడు రెట్లు పెరిగి 31.5 దాటితే మూడవది. 32.2 దాటితే నాలుగవది, అంటే అతి తీవ్రమైనది. మన మనసుకు ఒకటిన్నర డిగ్రీ తేడా పెద్దగా తోచదు. ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య పది డిగ్రీలు మారే ఊళ్ళో బతుకుతున్నవాళ్ళం మనం. ఉష్ణమండల సముద్రం అలా ఊగిసలాడదు కనుక అక్కడ ఒకటిన్నర డిగ్రీ అసాధారణం. ఇదే గడిలో డిసెంబరు నెల గీత 27.4 అనుకుంటే, ఐదారు రోజులు 27.6 ఉన్నా అది కూడా ఉష్ణ తరంగమే. ఒడ్డున నిలబడినవాడు శాలువా కప్పుకుని ఉండవచ్చు, లెక్క ప్రకారం సముద్రానికి మాత్రం వడగాడ్పు కొడుతున్నట్టే. మే నెలలో 30 డిగ్రీలు కనబడగానే ఉలిక్కిపడటం ఎంత పొరపాటో, డిసెంబరులో 27.6ను చూసి పట్టించుకోకపోవడం అంతే పొరపాటు.

ఇక్కడి వరకు వార్తలు రాసేవారు కొంచెం శ్రద్ధ పెడితే సరిపోతుంది. అసలు చిక్కు ఉపగ్రహంతో మొదలవుతుంది. పైన చెప్పిన లెక్కంతా సముద్రపు పై ఉష్ణోగ్రతతో జరుగుతుంది, దాన్ని ప్రధానంగా ఉపగ్రహాలే చూస్తాయి. పరారుణ కిరణాలతో చూసే పరికరానికి కనిపించేది నీటి చర్మం మాత్రమే, మిల్లీమీటరులో ఒక చిన్న భాగం. సూక్ష్మ తరంగాలతో చూసే పరికరం మేఘాల గుండా చూడగలదు గానీ అది కూడా మిల్లీమీటరు దరిదాపుల్లోనే ఆగిపోతుంది. గాలి ఆడని మధ్యాహ్నం ఆ పలుచటి పై పొర ఒక్కటే రెండు మూడు డిగ్రీలు వేడెక్కి సాయంత్రానికి తగ్గిపోవడం కూడా ఉంది. అందుకే రాత్రి కొలతలను, సముద్రంలో తేలుతూ ఉష్ణోగ్రత కొలిచే బోయాల కొలతలను కలిపి సరిదిద్ది రోజువారీ పటాలు తయారు చేస్తారు. ఎంత సరిదిద్దినా ఆ పటం దుప్పటి రంగు చెబుతుంది, మందం చెప్పదు.

మందం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి రెండు సముద్రాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇవి కూడా నా అంకెలే, కానీ బంగాళాఖాతానికి దూరమైనవి కావు. మొదటి చోట ఎండ బాగా కాసి, గాలి పడిపోయి, పైన 31 డిగ్రీలు ఉంది. 20 మీటర్ల లోతుకు 29కి, 50 మీటర్లకు 26కి తగ్గుతుంది. రెండవ చోట పైన 29.5 మాత్రమే, అయితే 60 మీటర్ల వరకు అదే 29.5 ఉండి, అక్కడి నుంచి తగ్గుతూ 90 మీటర్ల దగ్గర 26కి చేరుతుంది. ఉపగ్రహ పటంలో మొదటిది ఎర్రగా, రెండవది నారింజ రంగులో కనిపిస్తుంది. వార్త మొదటిదాని మీదే వస్తుంది.

తుఫాను బలపడటానికి నీరు కనీసం ఇరవై ఆరు, ఇరవై ఆరున్నర డిగ్రీలైనా ఉండాలన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న అంచనా. అందువల్ల 26కు పైన ఉన్న వేడినే తుఫానుకు అందే సరుకుగా లెక్కిస్తారు. ప్రతి మీటరు లోతులో 26కు పైన ఎన్ని డిగ్రీలున్నాయో కూడితే మొదటి చోట పై ఇరవై మీటర్లలో 80, ఆ దిగువ ముప్పై మీటర్లలో 45, మొత్తం 125 డిగ్రీ-మీటర్లు వస్తాయి. రెండవ చోట పై అరవై మీటర్లలోనే 210, దిగువన మరో 52, మొత్తం 262. పైన ఒకటిన్నర డిగ్రీ చల్లగా ఉన్న సముద్రంలో రెట్టింపుకు మించిన వేడి దాగి ఉంది. ఈ అంకెలను శాస్త్రవేత్తలు వాడే కొలతలోకి మారిస్తే మొదటిది చదరపు సెంటీమీటరుకు సుమారు 51 కిలోజౌళ్ళు, రెండవది 107. తుఫాను వేగంగా బలపడటానికి 50 దాటితే అనుకూలమని సాధారణంగా అంటారు. మొదటి సముద్రం ఆ గీత మీద నిలబడి ఉంది, రెండవది దాన్ని ఎప్పుడో దాటిపోయింది.

నిల్వ ఒక్కటే కాదు, తుఫాను వచ్చాక జరిగేది కూడా చూడాలి. తుఫాను గాలి సముద్రాన్ని కవ్వంతో చిలికినట్టు చిలుకుతుంది. యాభై మీటర్ల వరకు చిలికిందనుకుందాం. మొదటి చోట పైన ఉన్న 31, కింద ఉన్న 26 కలగలిసి సగటున 28.5 అవుతుంది, తుఫాను తన కాళ్ళ కింద తానే రెండున్నర డిగ్రీల చల్లదనాన్ని తెచ్చుకుంటుంది. రెండవ చోట ఎంత చిలికినా 29.5లో 29.5 కలుస్తుంది, ఏమీ మారదు. అక్కడ తుఫానుకు అడ్డు చెప్పే చల్లటి నీరు చేతికందే లోతులో లేదు. నెమ్మదిగా కదిలే తుఫాను ఒకే చోట ఎక్కువసేపు చిలుకుతుంది కనుక ఈ తేడా దానికి మరింత ఎక్కువగా తగులుతుంది.

ఈ రెండు రకాల వేడికీ పుట్టుక వేరు. మొదటిది ఎక్కువగా పై నుంచి వస్తుంది: మబ్బు లేని ఆకాశం, పడిపోయిన గాలి, ఆవిరిగా పోవలసిన వేడి పోకపోవడం. రెండవది తరచుగా పక్క నుంచి వస్తుంది. ప్రవాహాలు, సముద్రం లోపల నడిచే పొడవాటి అలలు వెచ్చటి నీటిని ఒకచోట పోగుచేసి కిందకు నొక్కుతాయి. బంగాళాఖాతంలో వీటికి తోడు మూడవ సంగతి ఒకటుంది, అది మన నదుల పని. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ కలిసి వర్షాకాలమంతా ఈ సముద్రంలోకి మంచినీరు పోస్తాయి. ఉప్పు తక్కువైన నీరు తేలిక కనుక పైన తేలుతుంది. దాని కింద ఉప్పు నీరు మొదలైనా, ఆ ఉప్పు నీటిలో కూడా పై భాగం వెచ్చగానే ఉంటుంది. అంటే ఉప్పు మారే లోతు ఒకటి, వేడి తగ్గే లోతు మరొకటి. ఈ రెంటి మధ్య ఉన్న పొరను అడ్డు పొర అంటారు. గాలి ఎంత చిలికినా, తేలికైన మంచినీటి మూత వల్ల చిలకడం లోతుకు పోదు. ఒకవేళ పోయినా మొదట తగిలేది ఆ వెచ్చటి అడ్డు పొరే. వర్షాకాలం ముగిసిన తరువాత, అక్టోబరు, నవంబరు నెలల్లో, ముఖ్యంగా ఉత్తర బంగాళాఖాతంలో తుఫాను పోయాక నీరు చాలా తక్కువగా చల్లబడటానికి ఇదే కారణం. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు కృష్ణలో ఎర్రగా పోయే నీటిని చూసి “అంతా సముద్రం పాలు” అని నిట్టూర్చడం మనకు అలవాటు. సముద్రం పాలైన తరువాత ఆ నీరు చేసే పని కూడా కొంత ఉందన్నమాట, అది ప్రతిసారీ మనకు అనుకూలమైన పని కాకపోవచ్చు.

ఇప్పుడు నిజంగా జరిగిన ఒక సంఘటన. 2020 మే నెల మొదటి రెండు వారాల్లో బంగాళాఖాతం మీద గాలి మందగించింది, ఎండ కాసింది. కొన్ని చోట్ల పై నీరు ఆ రోజుల మామూలు కంటే రెండు డిగ్రీలకు పైగా వేడెక్కింది. కొన్ని బోయాలు 32 డిగ్రీలు దాటిన అంకెలు పంపాయి. నిర్వచనం ప్రకారం అది స్పష్టమైన సముద్ర ఉష్ణ తరంగం. అదే నెలలో తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖలో పగడాలలో 85 శాతం తెల్లబారినట్టు నీటి అడుగున చేసిన పరిశీలనలో తేలింది. మే 16 సాయంత్రం ఆగ్నేయ బంగాళాఖాతంలో వాయుగుండం తుఫానుగా మారి అంఫన్ అనే పేరు పొందింది. మే 18కి అది సూపర్ సైక్లోన్. 1999 ఒడిశా తుఫాను తరువాత బంగాళాఖాతంలో ఆ స్థాయికి చేరిన మొదటి తుఫాను అదే. మామూలుగా తుఫానుగా పేరు పెట్టిన తరువాత తీవ్ర, అతి తీవ్ర, అత్యంత తీవ్ర దశలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి, తీరంలో ఉన్నవారికి ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. అంఫన్ ఆ మెట్లన్నీ రెండు రోజుల లోపే ఎక్కేసింది. అది బలపడిన దారిలో వెచ్చటి నీరు పైపై పొరగా మాత్రమే లేదు, చిలికినా చల్లబడనంత లోతుగా ఉంది. గాలి దిశలు, పైన తేమ కూడా అనుకూలించాయి.

అయితే కథ అక్కడితో ఆగదు, పత్రికలు వదిలేసే సగం ఇదే. అంఫన్ ఉత్తరంగా పోతూ మే 19న బలహీనపడటం మొదలుపెట్టింది. మే 20 మధ్యాహ్నం సుందరవనాల దగ్గర తీరం దాటేటప్పటికి గాలి వేగం గంటకు 155 నుంచి 165 కిలోమీటర్లు. రెండు రోజుల కిందట అదే తుఫాను గాలి 240. ఉత్తర బంగాళాఖాతం ఆ సమయంలో చల్లగా ఏమీ లేదు. పై గాలులకూ కింది గాలులకూ మధ్య తేడా పెరిగి, తుఫాను నిలువుగా నిలబడలేకపోయింది. సముద్రపు వేడి ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంతకంటే సులభమైన రుజువు ప్రతి ఏడాదీ మన కళ్ళ ముందే ఉంటుంది. జూలై, ఆగస్టు నెలల్లో బంగాళాఖాతం తుఫానుకు సరిపోయేంత వెచ్చగానే ఉంటుంది, అయినా ఆ నెలల్లో పుట్టేవి ఎక్కువగా అల్పపీడనాలు, వాయుగుండాలే. పైన తూర్పు గాలి, కింద పడమటి గాలి బలంగా వీస్తూ ఉంటే తుఫాను నిర్మాణం కట్టుకునే లోపే చెదిరిపోతుంది.

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట విజయవాడ బుడమేరులో మునిగినప్పుడు “సముద్రం కాగిపోయింది, అందుకే” అన్న మాట చాలామంది నోట విన్నాను. ఆ వాన తెచ్చింది తుఫాను కాదు, కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే దాని మీది గాలి సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను మోయగలదు. కనుక వెచ్చటి సముద్రం గాలి వేగంగా కాక వానగా కనబడే అవకాశం ఉన్నది నిజమే. కానీ సింగ్‌నగర్‌లో ఇళ్ళ మొదటి అంతస్తు దాకా నీరు రావడానికి ఆ ఏడు శాతం కారణమా, బుడమేరు గట్లు, మళ్ళింపు కాలువ, కట్టడాలు కారణమా అన్నది వేరే లెక్క. రెండు లెక్కలనూ ఒకే వాక్యంలో కలిపేస్తే గట్ల సంగతి చూడవలసినవారు హాయిగా సముద్రం వెనక దాక్కుంటారు.

ఇక చేపల సంగతి. ఇందులో నాకు గురువు నిజాంపట్నంలో ఉన్న ఒక సరంగు. మా తమ్ముడి స్నేహితుడి తండ్రి. నేను బాబాయి అని పిలుస్తాను, ఆయన నన్ను మాస్టారూ అంటారు. రెండేళ్ళ కిందట వేసవిలో, పెద్ద బోట్లన్నీ రేవులో కట్టేసి ఉన్న రోజుల్లో, ఆయన బంధువుల చిన్న పడవ ఒకటి వేటకు పోయి తక్కువ చేపతో తిరిగి వచ్చింది. ఎండకు చేప చచ్చిపోయిందా బాబాయ్ అని అడిగాను.

“చావడమేంటి మాస్టారూ! కిందకి దిగింది. మన వల రెండు బారల్లో ఉంది, చేప ఐదారు బారల్లో ఉంది. బెండు తాడు పెంచి దింపితే పడుద్ది” అన్నారు ఆయన.

బార అంటే రెండు చేతులూ చాచినంత పొడవు, సుమారు ఆరడుగులు. ఆయన మాటలో డిగ్రీ లేదు. ఆయన వేడిని బారల్లో కొలుస్తున్నారు. నేను తరగతి గదిలో సగం పీరియడు తీసుకుని చెప్పే విషయం ఆయన బెండు తాడుతో చెప్పేశారు. పై నీటి వల ఖాళీగా వచ్చిందంటే చేప లేదని అర్థం కాదు. వల ఉన్న లోతులో లేదని అర్థం. వెచ్చటి పై పొరను తప్పించుకుని చేప దిగిపోతే పైన తేలే వలలకు నష్టం, లోతులో లాగే వలలకు కొన్నాళ్ళు లాభం. ఒకే ఉష్ణ తరంగం ఒకే రేవులో ఒక పడవను ముంచి మరొక పడవను తేల్చగలదు.

కానీ చేప ఎంత దూరం దిగగలదు? బంగాళాఖాతంలో దీనికి ఒక హద్దు ఉంది, అందుకే నాకు ఈ సముద్రం గురించి ఎక్కువ భయం. సుమారు వంద మీటర్లు దాటాక ఇక్కడి నీటిలో ప్రాణవాయువు చాలా తక్కువ. పై నుంచి రాలే జీవ వ్యర్థం కుళ్ళుతూ, ఉన్న కాస్త ప్రాణవాయువును తినేస్తుంది, మంచినీటి మూత వల్ల పై నుంచి కొత్తది దిగదు. పైన వేడి, కింద ఊపిరాడని నీరు, రెంటి మధ్య మిగిలే పొరలోనే చేప సర్దుకోవాలి. ఆ పొరలో దాని అవసరం కూడా పెరుగుతుంది: నీరు పది డిగ్రీలు వేడెక్కితే చల్లటి రక్తపు జీవి ఒంట్లో జరిగే పని సుమారు రెట్టింపవుతుందన్నది స్థూలమైన అంచనా, కనుక ఒకటి రెండు డిగ్రీలకే ఆకలీ ఊపిరి అవసరమూ పెరుగుతాయి. అదే సమయంలో వెచ్చటి నీరు ప్రాణవాయువును తక్కువగా పట్టి ఉంచుతుంది, తిండి కూడా తగ్గుతుంది. వెచ్చటి తేలిక పొర మూతలా కూర్చుంటే అడుగు నీటిలోని ఎరువు, అంటే నైట్రేటు, ఫాస్ఫేటు వంటివి, ఎండ తగిలే లోతుకు రావు. ఎరువు లేని చోట నీటి మీది సూక్ష్మ మొక్కలు తగ్గుతాయి, ఉన్నవి కూడా చిన్న రకాలవుతాయి. వాటిని నేరుగా వడకట్టుకుని తినే కవ్వలు, కానగుర్తలు మొదట దెబ్బతినేది ఇక్కడే.

కానగుర్త పేరు వచ్చింది కనుక ఒక చిన్న పక్కదారి. ఆ చేపకు ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామంలో రెండవ మాట ‘కానగుర్త’యే. స్కాట్లాండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో చేపల బొమ్మలు వేయించి 1803లో అచ్చువేసినప్పుడు మన జాలరుల మాటనే రాసుకున్నాడు, తరువాత ఫ్రెంచి జీవశాస్త్రవేత్త కువియర్ దాన్నే శాస్త్రీయ నామంగా నిలబెట్టాడు. పేరు మన దగ్గర తీసుకున్నంత శ్రద్ధగా, ఆ చేప ఏ నెలలో ఎన్ని బారల్లో దొరికిందో కూడా ఎవరైనా రాసి పెట్టి ఉంటే ఈ రోజు మన దగ్గర రెండు వందల ఏళ్ళ లెక్క ఉండేది.

వేడి లోతుకు దిగితే ఏమవుతుందో చూపే ఉదాహరణ మన దగ్గర లేదు, ఉత్తర పసిఫిక్‌లో ఉంది. 2013 చివర మొదలై 2016 వరకు అలాస్కా దక్షిణాన సాగిన ఉష్ణ తరంగానికి వాషింగ్టన్ రాష్ట్ర వాతావరణ శాస్త్రవేత్త నిక్ బాండ్ ‘బ్లాబ్’ అని పేరు పెట్టాడు, ముద్ద అనవచ్చు. పేరు వేళాకోళంగా ఉన్నా అది పై పొర వేడి కాదు, కాలం గడిచేకొద్దీ వందల మీటర్ల లోతుకు దిగింది. అక్కడి కాడ్ చేప అడుగున బతికేది, పై పొర వేడిని పట్టించుకోనవసరం లేనిది. వేడి అడుగుకు చేరాక దాని ఆకలి పెరిగింది, తినే జీవాలు తగ్గాయి. 2017 సర్వేలో ఆ చేప 2015తో పోలిస్తే సుమారు డెబ్భై శాతం తగ్గినట్టు తేలింది. 2020లో అక్కడి అమెరికా ప్రభుత్వ జలాల్లో ఆ వేటనే మూసివేశారు. ఉపగ్రహ పటంలో రంగు వెలిసిపోయిన తరువాత కూడా అడుగున వేడి మిగిలే ఉంది. ఉష్ణ తరంగం ముగిసిందని ఎవరు ఏ లోతు చూసి చెబుతున్నారో అడగాలనడానికి ఇదే కారణం.

అలాస్కాలో ఆ తగ్గుదల కనబడింది, ఎందుకంటే వాళ్ళు ఒకే పద్ధతిలో అడుగున వల లాగి లెక్క పెడతారు. మన తూర్పు తీరంలో అదే జరిగితే ఎలా తెలుస్తుంది? ఇక్కడ నేను వేట నిషేధాన్ని తప్పు పట్టకుండా ఒక మాట చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మరబోట్లు వేటకు పోకూడదు. చేప గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిషేధం అది, ఉండవలసినదే. అయితే బంగాళాఖాతం ఏడాది మొత్తంలో అత్యంత వెచ్చగా ఉండే రోజులు కూడా దాదాపు అవే. అంటే వేడి ఉధృతంగా ఉన్న రోజుల్లో రేవుకు వచ్చే చేప చిన్న పడవలది మాత్రమే. మరబోట్ల లెక్క సున్నా. జూన్ 15న బోట్లు పోయి పట్టుకొచ్చిన దానిలో వేడి వల్ల తగ్గినదెంత, నిషేధం వల్ల పెరిగినదెంత, అప్పటికే మొదలైన నైరుతి గాలి సముద్రాన్ని చిలికి సరిచేసినదెంత అని విడదీయడం చాలా కష్టం. రేవులో చేప తగ్గలేదు కనుక వేడి ఏమీ చేయలేదని ఎవరైనా అంటే ఆ వాదనకు కాళ్ళు లేవు. తగ్గింది కనుక వేడే చేసిందంటే దానికీ లేవు.

నాతో వాదించేవారు ఒకటి అడుగుతారు. లోతు, లోతు అంటున్నారు, లోతు కొలత ఎవరి దగ్గర ఉంది, ఉన్నదానితోనే కదా హెచ్చరించాలి అని. కొంతవరకు న్యాయమైన ప్రశ్నే. ఉపగ్రహ పటంలో ప్రతిరోజూ ప్రతి గడికీ ఒక అంకె ఉంటుంది. లోతును కొలిచే ఆర్గో తేలియాడు పరికరం సాధారణంగా పది రోజులకొకసారి రెండు వేల మీటర్ల నుంచి పైకి లేచి తన దారిలోని ఉష్ణోగ్రతను, ఉప్పును పంపుతుంది. రెండు పరికరాల మధ్య వందల కిలోమీటర్లు ఖాళీ ఉండవచ్చు, తీరానికి దగ్గరగా లోతు తక్కువైన చోట అవి అసలు పనిచేయవు. సరంగు బాబాయి వల వేసేది సరిగ్గా అటువంటి చోటే. అయినా హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉష్ణ తరంగాల సమాచారాన్ని ఇస్తుంది, చేప దొరికే ప్రాంతాల సూచనలు ఇస్తుంది. ఉపగ్రహం చూసే సముద్ర మట్టపు ఎత్తు నుంచి కింద ఉన్న వేడిని అంచనా వేసే పద్ధతులూ ఉన్నాయి. వెచ్చటి నీరు వ్యాకోచిస్తుంది కనుక, మందంగా వేడెక్కిన చోట సముద్రం కొన్ని సెంటీమీటర్లు ఉబ్బి కనిపిస్తుంది. లోతు కొలత పూర్తిగా లేదని కాదు, అది వార్త దాకా రావడం లేదు.

రెండవ అభ్యంతరం మరింత గట్టిది. మామూలు కంటే ఎంత ఎక్కువ అని చూడటంలోనే మోసం ఉందని. హిందూ మహాసముద్రపు ఉష్ణమండల భాగం 1950 నుంచి 2020 వరకు శతాబ్దానికి 1.2 డిగ్రీల చొప్పున వేడెక్కింది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరుల అంచనా ప్రకారం, ఏడాదికి 20 రోజులుగా ఉన్న ఉష్ణ తరంగాలు ఈ శతాబ్దంలో 220 నుంచి 250 రోజులకు పెరిగే దారిలో ఉన్నాయి. సంవత్సరంలో మూడింట రెండు వంతుల రోజులు అసాధారణమైతే ఆ మాటకు అర్థమేముంది? పాత ముప్పై ఏళ్ళనే కొలబద్దగా ఉంచితే ప్రతి రోజూ ఉష్ణ తరంగమవుతుంది. కొలబద్దను ముందుకు జరుపుతూ పోతే సముద్రం ఎంత కాగినా అది మామూలుగానే కనిపిస్తుంది. ఈ విషయంలో నాది స్పష్టమైన పక్షం. చేపకూ తుఫానుకూ మన ముప్పై ఏళ్ళ సగటుతో పని లేదు. వాటికి తగిలేది ఆ రోజు ఆ లోతులో ఉన్న అసలు ఉష్ణోగ్రత. కనుక పాత కొలబద్దను కదపకుండా ఉంచి, తేడాతో పాటు అసలు అంకెను, 26 డిగ్రీల నీరు ఎంత లోతులో ఉందో ఆ అంకెను కూడా పక్కనే అచ్చువేయాలి. పత్రికలో రెంటచింతల పక్కన అర అంగుళం చోటు చాలు.

మొన్న ఫోనులో బాబాయికి ఈ 26 డిగ్రీల లోతు సంగతి చెప్పి, యాభై మీటర్లు దాటి ఉంటే తుఫాను రోజుల్లో జాగ్రత్త అని వివరించాను. ఆయన మీటర్లను పట్టించుకోలేదు. “బారల్లో చెప్పండి మాస్టారూ” అన్నారు. లెక్కగట్టి ఇరవై ఏడు బారలన్నాను. ఆయన కొంచెంసేపు ఆగి, మా వల అంత లోతుకు దిగదు గానీ, లంగరు తాడు దిగుద్ది, దానికి ఒక థర్మామీటరు కడితే చాలదా అని అడిగారు.